గ్రాంట్ అయిపోయాక నడిపించేది ఎవరి డబ్బు? ప్రపోజల్‌లో సస్టైనబిలిటీ సెక్షన్ రాసే పద్ధతి, ఒక వాటర్ ప్లాంట్ లెక్కతో

"అన్నా ప్రపోజల్ అంతా అయిపోయింది, ఆ సస్టైనబిలిటీ ఒక్కటే మిగిలింది, ఒక పేరా ఉంటే పంపవా" అని నెలకి ఇద్దరు ముగ్గురైనా అడుగుతుంటారు, అదీ ఎక్కువగా సబ్మిట్ చేసే రోజు సాయంత్రం. పేరా పంపడం పెద్ద పనేం కాదు గానీ ఆ పేరా వల్ల మార్కులు రావు, వచ్చినా తర్వాత మీరే ఇరుక్కుంటారు. ఈ సెక్షన్ వెనక ఒక లెక్క ఉండాలి, ఆ లెక్క బడ్జెట్‌ కన్నా ముందే వేసుకోవాలి. అది ఎలాగో ఒకే ఒక్క ఉదాహరణ పట్టుకుని చివరిదాకా చెప్తాను.

ఉదాహరణ ఇది: పాత ప్రకాశం జిల్లా పడమటి వైపు, కనిగిరి చుట్టుపక్కల, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఒక ఊరు, 600 ఇళ్లు. ఒక చిన్న సంస్థ సీఎస్ఆర్ గ్రాంట్‌కి అప్లై చేస్తోంది, మూడేళ్లు. గంటకి 1,000 లీటర్ల ఆర్‌ఓ ప్లాంట్, ఒక ఫీల్డ్ కోఆర్డినేటర్, స్కూల్లో పిల్లల పళ్లు చూసి ఫ్లోరోసిస్ స్క్రీనింగ్, ఇంటింటికీ తిరిగి అవగాహన. ఊరు నేను అనుకున్నదే, లెక్కలూ ఉదాహరణకే, మీ ఊర్లో కొటేషన్లు తెచ్చుకుని అంకెలు మార్చుకోండి. పద్ధతి మాత్రం మారదు.

## 1. రాయడం మొదలుపెట్టే ముందు చేతిలో ఉండాల్సినవి

ఇవి లేకుండా కూర్చుంటే మనం రాసేది కథే అవుతుంది.

- ప్లాంట్ సప్లయర్ దగ్గర కొటేషన్, అందులో నీళ్లని వడకట్టే పొరలు, అదే మెంబ్రేన్, హై ప్రెషర్ పంప్, ఫిల్టర్ మీడియా రేట్లు విడివిడిగా. మొత్తం ప్లాంట్ ఇంత అని ఒకే అంకె ఇస్తే ఒప్పుకోవద్దు
- చుట్టుపక్కల ఊళ్లలో నడుస్తున్న ఒక ప్లాంట్ కరెంటు బిల్లు, కనీసం మూడు నెలలవి
- అదే ప్లాంట్ ఆపరేటర్‌కి నిజంగా ఎంత ఇస్తున్నారో
- ఆ ఊరి బోరు నీళ్ల ల్యాబ్ రిపోర్టు, టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాలు, ఫ్లోరైడ్, రెండూ. తాగునీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా పర్లేదని బీఐఎస్ ప్రమాణం
- కొత్త కనెక్షన్ ఏ కేటగిరీలో ఇస్తారో కరెంటాఫీసులో అడిగిన జవాబు. కమర్షియల్‌లో పెడితే లెక్క మొత్తం తారుమారు

నడుస్తున్న ప్లాంట్ దగ్గరికి వెళ్లడం మానొద్దు. సప్లయర్ చెప్పే "మెంబ్రేన్ ఐదేళ్లు వస్తుంది సార్" అనే మాట అక్కడ ఆపరేటర్ ముందు అని చూడండి, మొహంలోనే తెలిసిపోతుంది. టీడీఎస్ ఎక్కువున్న బోర్ల మీద రెండు మూడేళ్లు వస్తే బానే వచ్చినట్టు.

## 2. యాక్టివిటీలన్నీ నాలుగు గంపల్లో వేయండి

ఎక్కువమంది "ప్రాజెక్టు కొనసాగుతుంది" అని గుండుగుత్తగా రాసేస్తారు. ప్రాజెక్టు అనేది ఒక వస్తువు కాదు కదా, దాంట్లో ఐదారు పనులుంటాయి, ఒక్కోదాని గతి ఒక్కోలా ఉంటుంది. వర్క్‌ప్లాన్ ముందు పెట్టుకుని ఒక్కో పనిని ఈ నాలుగింట్లో ఒకదాంట్లో వేయండి:

1. గ్రాంట్‌తో పాటే ఆగిపోయేది
2. అదే సైజులో నడవాల్సింది
3. చిన్నదై నడిచేది
4. వేరేవాళ్లకి అప్పగించేది

మన ఉదాహరణలో ఇంటింటి అవగాహన మొదటి గంపలో పడుతుంది, 36 నెలల తర్వాత దాని అవసరం పెద్దగా లేదు, ఆపేస్తున్నాం అని ధైర్యంగా రాయండి. ఇలా రాస్తే మార్కులు పోతాయని భయపడతారు గానీ చదివేవాళ్లకి ఇదే నచ్చుతుంది, ఎందుకంటే అన్నీ శాశ్వతంగా నడుస్తాయని రాసిన ప్రపోజల్ వాళ్లు రోజూ చూస్తారు, నమ్మరు.

నీళ్లు ఇవ్వడం రెండో గంప. కోఆర్డినేటర్ పని మూడో గంప, నెలకి 18,000 జీతం ఉన్న మనిషిని ఒక ఊరి క్యాన్ల డబ్బుతో పోషించలేం, కానీ ఎవరో ఒక టెక్నీషియన్ నెలకి రెండు రోజులు వచ్చి చూస్తే చాలు, దానికి 1,500 అనుకుందాం. స్కూల్ స్క్రీనింగ్ నాలుగో గంప, పీహెచ్‌సీకి అప్పగించాలి.

ఈ నాలుగో గంపతోనే జాగ్రత్త. ఫ్లోరోసిస్ మీద జాతీయ కార్యక్రమం ఒకటి 2008-09 నుంచే ఉంది, ఎంపిక చేసిన జిల్లాల్లో నడుస్తుంది, కాబట్టి "ప్రభుత్వం తీసుకుంటుంది" అని రాయడం తేలిక. కానీ మీ మండలంలో మెడికల్ ఆఫీసర్‌తో మాట్లాడారా, ఏడాదికి ఒకసారి స్కూలుకి వస్తాం అని ఒక కాగితం మీద రాసిచ్చారా, అదే ప్రశ్న. కాగితం లేకపోతే ఆ పనిని నాలుగో గంపలోంచి తీసి మొదటి గంపలో వేసేయండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు.

## 3. నెల ఖర్చు తేల్చండి, దాచిపెట్టే డబ్బుతో సహా

ఇక్కడే ఎక్కువ ప్లాంట్లు చచ్చిపోతాయి. కాబట్టి కొంచెం నిదానంగా వెళ్దాం.

కొన్నేళ్ల కింద ఒక ఊరికి వెళ్లాను, గ్రాంట్ అయిపోయి ఏడాది దాటింది, ప్లాంట్‌కి తాళం. లోపల మెంబ్రేన్ల మీద సున్నం పొర కట్టేసి ఉంది, ఆపరేటర్ కుర్రాడు పక్కూర్లో కోళ్ల ఫారంలో చేరిపోయాడు. లెడ్జర్ అడిగితే ఇచ్చారు. 20 లీటర్ల క్యాన్ 2 రూపాయలు, మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా అదే 2 రూపాయలు. ఎందుకంటే ప్రారంభోత్సవం రోజు ముఖ్య అతిథి మైకులో "పేదలకి రెండు రూపాయలకే" అని అనేశారంట, ఆ తర్వాత పెంచే ధైర్యం ఎవరికీ లేకపోయింది. రోజుకి 200 క్యాన్లు అమ్మినా నెలకి 12,000, దాంట్లో ఆపరేటర్ జీతం పోతే మిగిలేది కరెంటుకే చాలీచాలకుండా. మెంబ్రేన్ మార్చాల్సిన రోజు డబ్బాలో ఏమీ లేదు. వాళ్ల ప్రపోజల్‌లో సస్టైనబిలిటీ కింద ఒకే వాక్యం ఉంది: "గ్రామస్తులే స్వయంగా నిర్వహించుకుంటారు."

కాబట్టి ఖర్చుని మూడు ముక్కలు చేయండి.

అమ్మినా అమ్మకపోయినా పెట్టాల్సింది (నెలకి):

- ఆపరేటర్: 10,000
- లెక్కలు రాసే, డబ్బు బ్యాంకులో వేసే ఊరి మహిళా సంఘం సభ్యురాలికి: 2,000
- చిన్న రిపేర్లు, నీళ్ల టెస్టులు: 2,000
- మొత్తం: 14,000

అమ్మిన కొద్దీ పెరిగేది: ఒక 20 లీటర్ల క్యాన్‌కి ప్లాంటూ బోరు మోటరూ కలిపి సుమారు 50 పైసల కరెంటు, మెంబ్రేన్‌కి సున్నం పట్టకుండా వేసే యాంటీస్కేలెంటూ ఫిల్టర్ కార్ట్రిడ్జీలూ కలిపి 40 పైసలు. అంటే క్యాన్‌కి 90 పైసలు.

దాచిపెట్టాల్సింది: ఇది కంటికి కనపడని ఖర్చు, ఎవరూ రాయరు.

- మెంబ్రేన్లు నాలుగు, 56,000, రెండున్నరేళ్లకోసారి: నెలకి సుమారు 1,870
- హై ప్రెషర్ పంపు 40,000, ఐదేళ్లకి: నెలకి 670
- ఇసుక, కార్బన్ మీడియా 15,000, రెండేళ్లకి: నెలకి 625
- బోరు మోటరు 30,000, ఐదేళ్లకి: నెలకి 500
- మొత్తం సుమారు 3,700

14,000కి ఈ 3,700 కలిపితే 17,700. ఇదీ మన అసలు నెల భారం. దాచేది వదిలేసి 14,000 అని రాసుకుంటే మొదటి రెండేళ్లు అంతా బ్రహ్మాండంగా కనిపిస్తుంది, మూడో ఏడు తేలుతుంది సంగతి.

మీది వాటర్ ప్లాంట్ కాకపోవచ్చు, మిల్లెట్ మిల్లు అయితే మెంబ్రేన్ బదులు రోలర్లూ జల్లెడలూ, కుట్టు కేంద్రం అయితే మిషన్లు, కంప్యూటర్ సెంటర్ అయితే బ్యాటరీలు. ఏది అరుగుతుందో అది రాయాలి, అంతే.

## 4. ఎన్ని క్యాన్లు అమ్మితే ఒడ్డున పడతాం

క్యాన్ 5 రూపాయలు పెడదాం. అందులో 90 పైసలు పోతే 4 రూపాయల 10 పైసలు మిగులుతుంది. 17,700ని 4.10తో భాగిస్తే నెలకి 4,317 క్యాన్లు, అంటే రోజుకి 144.

ఈ ఒక్క అంకె, 144, మీ సెక్షన్‌కి వెన్నెముక. దీని చుట్టూనే మిగతాదంతా కడతాం. ఇప్పుడు పైకీ కిందకీ జరిపి చూడండి:

- రోజుకి 100 క్యాన్లయితే నెలకి 5,400 లోటు
- 160 అయితే 1,980 మిగులు
- 200 అయితే 6,900 మిగులు

అదే రేటు 4 రూపాయలైతే? క్యాన్ మీద మిగిలేది 3.10, అప్పుడు రోజుకి 190 అమ్మాలి. ఒక్క రూపాయి తగ్గిస్తే 46 క్యాన్లు ఎక్కువ అమ్మాలన్నమాట. ఊర్లో మీటింగులో "నాలుగు చేయండి సార్" అని ఎవరైనా లేస్తే ఈ అంకె చెప్పండి, వాదన అక్కడితో ఆగుతుంది, లేదంటే కనీసం సరైన దారిలో నడుస్తుంది.

## 5. ఆ 144 నిజంగా వస్తాయా, ఎలా తెలుస్తుంది

సర్వే చేసి "క్యాన్ ఐదు రూపాయలైతే కొంటారా" అని అడగొద్దు. అందరూ కొంటామంటారు, మొహమాటం, పైగా ప్లాంట్ రావాలని వాళ్లకీ ఉంటుంది. 92 శాతం సుముఖత అని ప్రపోజల్లో రాస్తే చదివేవాళ్లు నవ్వుకుంటారు.

అడగాల్సింది నిన్నటి సంగతి. నిన్న తాగునీళ్లు ఎక్కణ్ణుంచి తెచ్చారు, ఎంత ఇచ్చారు, ఎవరు మోసుకొచ్చారు. ఊర్లోకి ఆటోలో క్యాన్లు తెచ్చి అమ్మేవాళ్లుంటే వాళ్ల వెంట ఒక పూట తిరగండి. పక్కూరి ప్లాంట్ దగ్గర పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా ఒక స్టూలేసుకుని కూర్చుని క్యాన్లు లెక్కపెట్టండి, ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి. వానలు పడితే అమ్మకం బాగా తగ్గుతుంది, ఈ తేడా రాసిన ప్రపోజల్ నాకైతే చాలా అరుదుగా కనిపించింది.

600 ఇళ్లకి 144 అంటే నాలుగింట్లో ఒక ఇల్లు రోజూ ఒక క్యాన్ కొనాలి. సాధ్యమే అనిపిస్తుంది, కానీ ఊరికి కుళాయి నీళ్లు వచ్చే పథకం దారిలో ఉందా కనుక్కోండి. నది నీళ్లో చెరువు నీళ్లో శుద్ధి చేసి పైపులో ఇస్తే ఫ్లోరైడ్ సమస్యే తగ్గిపోతుంది, అది ఊరికి మంచిదే, మన అమ్మకానికి మాత్రం దెబ్బ. దాచిపెట్టొద్దు, రిస్కుల్లో రాసేయండి: "కుళాయి వస్తే అమ్మకం 144 కంటే తగ్గొచ్చు, అప్పుడు ఆపరేటర్‌ని ఒక పూటకే పెట్టుకుంటాం, జీతం 5,000 అవుతుంది, నెల భారం 12,700, రోజుకి 104 క్యాన్లు చాలు, అది కూడా రాకపోతే ప్లాంట్‌ని అవసరమున్న ఇంకో ఊరికి మారుస్తాం."

ఉచితంగా ఇచ్చేవాళ్ల లెక్క కూడా ఇక్కడే తేల్చుకోండి. ఒంటరి ముసలివాళ్లకి రోజుకి 15 క్యాన్లు ఉచితం అంటే నెలకి 450 క్యాన్లు, మనకి పడేది క్యాన్‌కి 90 పైసలే కాబట్టి 405 రూపాయలు. ఇది మోయగలిగిందే. కానీ పేర్ల లిస్టు గ్రామసభలో పెట్టి ఖాయం చేయాలి, లేకపోతే 15 కాస్తా 50 అవుతుంది, పైగా ఆ 50 మంది ముసలివాళ్లు కూడా అయ్యుండరు.

## 6. మార్పు గ్రాంట్ లోపలే మొదలవ్వాలి

37వ నెలలో అకస్మాత్తుగా ఊరు డబ్బు కట్టడం మొదలుపెట్టదు. మూడేళ్లు ఊరికే ఇచ్చి నాలుగో ఏడు డబ్బడిగితే తిడతారు, న్యాయమే. కాబట్టి మొదటి రోజు నుంచే 5 రూపాయలు, మొదటి రోజు నుంచే దాచే ఖాతా. గ్రాంట్ ఇచ్చేది లోటు పూడ్చడానికి మాత్రమే.

మన ఉదాహరణలో ఇలా వస్తుంది:

మొదటి ఏడు. మొదటి ఆరు నెలలు రోజుకి 80 క్యాన్లు, నెలకి 7,860 లోటు. తర్వాతి ఆరు నెలలు 120, నెలకి 2,940 లోటు. ఏడాదికి మొత్తం సుమారు 64,800. దీన్ని గ్రాంట్ బడ్జెట్లో "నిర్వహణ లోటు మద్దతు" అని ఒక లైనుగా అడగండి.

రెండో ఏడు. సగటు 160. నెలకి 1,980 మిగులు, ఏడాదికి 23,760. గ్రాంట్ నుంచి నిర్వహణకి సున్నా.

మూడో ఏడు. సగటు 190. నెలకి 5,670, ఏడాదికి 68,040. ఇక్కడా సున్నా.

ఈ లోటూ మిగులూ లెక్కలన్నీ దాచే 3,700 పక్కన పెట్టాక వచ్చినవి, గుర్తుంచుకోండి. 36 నెలలకి దాచింది 1,33,200. మధ్యలో 24వ నెలలో మీడియాకి 15,000, 30వ నెలలో మెంబ్రేన్లకి 56,000 ఖర్చయ్యాయి, మిగిలింది 62,200. దానికి రెండేళ్ల మిగులు 91,800 కలిపితే అప్పగించే రోజు ఖాతాలో సుమారు 1,54,000 ఉంటుంది. టెక్నీషియన్‌కి 1,500 కట్టడం 37వ నెల నుంచి మొదలు, అప్పటిదాకా కోఆర్డినేటరే చూసుకుంటాడు, అది పోయినా నెలకి 4,170 మిగులు.

ఇంకో మంచి సంగతి, మొదటి మెంబ్రేన్ మార్పు గ్రాంట్ లోపలే పడింది, అంటే సంఘం ఆ పని ఒకసారి చేసి చూస్తుంది, కొటేషన్ తెప్పించడం, ఖాతాలోంచి తీయడం, బిల్లు ఫైల్ చేయడం అన్నీ మీరు పక్కనుండగానే. దీన్ని వర్క్‌ప్లాన్‌లో 30వ నెల పనిగా రాసుకోండి. మెంబ్రేన్ డబ్బు గ్రాంట్ నుంచి ఇచ్చేస్తాం అని దాత అన్నా వద్దనండి, అది దాచిన డబ్బుతోనే జరగాలి.

## 7. ఆస్తి ఎవరి పేరు మీద, డబ్బు ఎవరి ఖాతాలో

ఇది చిన్న విషయం అనిపిస్తుంది, గొడవలన్నీ మాత్రం ఇక్కడే.

సీఎస్ఆర్ డబ్బుతో కొన్న ఆస్తి కంపెనీ పేరు మీద ఉండకూడదు, 2021 జనవరిలో మార్చిన రూల్స్ ప్రకారం అది మూడు రకాల వాళ్ల దగ్గరే ఉండొచ్చు: సీఎస్ఆర్ రిజిస్ట్రేషన్ నంబరున్న సెక్షన్ 8 కంపెనీ లేదా ట్రస్టు లేదా సొసైటీ, లబ్ధిదారుల పొదుపు సంఘాలూ సమాఖ్యల్లాంటివి, లేదా ప్రభుత్వ సంస్థ. మన ఊర్లో మహిళల గ్రామ సమాఖ్య ఉంటే దాని పేరు మీద పెట్టడం నా ఓటు. స్థలం, బోరు పంచాయతీవైతే పంచాయతీ తీర్మానం కాపీ, వీలైతే పదేళ్ల అగ్రిమెంటు. సర్పంచ్ నోటిమాట మీద షెడ్డు కట్టొద్దు, సర్పంచ్ మారతారు.

ఖాతాలు రెండు ఉండాలి. రోజువారీది ఒకటి, దాచేది ఒకటి. దాచే ఖాతాలోంచి తీయాలంటే ముగ్గురు సంతకాలు, అందులో ఒకటి గ్రాంట్ నడిచినన్నాళ్లూ మీ సంస్థది. నెలనెలా 3,700 దాంట్లో పడిందా లేదా అన్నది మూడు నెలలకోసారి రిపోర్టులో చూపిస్తాం అని రాయండి.

పంచాయతీ కరెంటు బిల్లు కడతానంటే సంతోషమే. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కట్టడి చేసింది కాబట్టి అడగడానికి దారి ఉండేది, ఆ తర్వాతి కాలానికి షరతులు ఏంటో పంచాయతీ కార్యదర్శిని అడిగి రాసుకోండి. కానీ దాన్ని నమ్ముకుని రేటు మాత్రం తగ్గించొద్దు. బిల్లు ఆలస్యమైతే లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీకేది మన ప్లాంట్‌దే. పంచాయతీ కడితే మిగిలే కరెంటు డబ్బు, రోజుకి 190 క్యాన్లయితే నెలకి 2,850, దాచే ఖాతాలోకి వేయండి.

ఆడిటర్‌ని రెండు ప్రశ్నలు అడక్కుండా సెక్షన్ ముగించొద్దు. ఒకటి, క్యాన్ల డబ్బు మీ సంస్థ ఖాతాలోకి వస్తే, మీరు ప్రజోపయోగ పనుల కేటగిరీలో పన్ను మినహాయింపు తీసుకుంటుంటే, ఇలాంటి వ్యాపార రాబడి మొత్తం రాబడిలో 20 శాతం దాటకూడదనే నిబంధన తగులుతుందా అని. రెండు, దాత విదేశీ అయితే, ఆ డబ్బుతో కొన్న ప్లాంట్ మీద వచ్చే రాబడి కూడా విదేశీ విరాళం కిందకే వస్తుందా, 2020 సవరణ తర్వాత ఆ విరాళాన్ని ఇంకొకరికి బదిలీ చేయడం కుదరదు కదా, మరి సమాఖ్యకి అప్పగించడం ఎలా అని. ఈ రెండో ప్రశ్న ప్రపోజల్ ఓకే అయ్యాక గుర్తొస్తే ప్లాన్ మొత్తం మళ్లీ రాసుకోవాల్సి వస్తుంది.

## 8. ఇప్పుడు రాయండి

లెక్క అయ్యాక రాయడం గంట పని. వరస ఇది: ఏవి ఆగుతాయి, ఏవి నడుస్తాయి, నడిచేదానికి నెలకి ఎంత, ఆ డబ్బు ఎవరిస్తారు, ఇస్తారనడానికి రుజువేంటి, రాకపోతే ఏం చేస్తాం. ఒక పేజీ, లెక్క టేబుల్ విడిగా అనెక్స్‌లో.

మామూలుగా వచ్చేది ఇలా ఉంటుంది:

"ప్రాజెక్టు పూర్తయ్యాక గ్రామ సంఘం బాధ్యత తీసుకుంటుంది. నామమాత్రపు రుసుము వసూలు చేసి, ప్రభుత్వ పథకాలతో అనుసంధానం చేసి, ఇతర దాతలను సంప్రదించి కార్యక్రమాలు కొనసాగిస్తాం."

దీంట్లో ఒక్క అంకె లేదు, ఒక్క పేరు లేదు. "నామమాత్రపు రుసుము" అంటే ఆ రెండు రూపాయలే. ఇప్పుడు ఇది చూడండి:

"36వ నెల తర్వాత నీటి సరఫరా కొనసాగుతుంది, ఇంటింటి అవగాహన ముగుస్తుంది. సరఫరాకు నెలకు రూ. 17,700 స్థిర వ్యయం అవుతుంది, ఇందులో రూ. 3,700 విడిభాగాల మార్పిడి నిధి. 20 లీటర్ల క్యాన్ ధర మొదటి రోజు నుంచే రూ. 5. రోజుకు 144 క్యాన్లు అమ్మితే ఖర్చు రాబడి సమానమవుతాయి, 37వ నెల నుంచి టెక్నీషియన్ ఖర్చు రూ. 1,500 కలిస్తే 157 క్యాన్లు అమ్మాలి. పొరుగు గ్రామంలోని ప్లాంట్ వద్ద మేము లెక్కించిన అమ్మకాలు అనెక్స్ 3లో ఉన్నాయి. మొదటి ఏడాది లోటు రూ. 64,800 మాత్రమే గ్రాంటు నుంచి కోరుతున్నాం, 13వ నెల నుంచి నిర్వహణకు గ్రాంటు అవసరం లేదు. ధరను ఏటా ఏప్రిల్‌లో సమాఖ్య సమీక్షిస్తుంది, తీర్మానం అనెక్స్ 4."

చివర్లో ఆ ఏప్రిల్ సమీక్ష వాక్యం ఉంది చూశారా, దాన్ని మాత్రం వదలొద్దు. కరెంటు పెరుగుతుంది, జీతం పెరుగుతుంది, రేటు పెంచే పద్ధతి ముందే తీర్మానంలో లేకపోతే 5 రూపాయలు కూడా కొన్నేళ్లకి రెండు రూపాయల్లాగే అయిపోతుంది. ప్రారంభోత్సవానికి వచ్చే పెద్దమనిషికి కూడా రేటు కాగితం ముందే చేతికివ్వండి.

## 9. తరచూ కనిపించే తప్పులు, సర్దే దారి

"ఇతర దాతలను సంప్రదిస్తాం." ఇంకో గ్రాంట్ దొరికితే నడుస్తుంది అని అర్థం. కోఆర్డినేటర్ లాంటి ఖర్చుకి నిజంగా ఇంకో దాత కావాలంటే ఎవరు, ఎప్పుడు అప్లికేషన్, ఇవ్వకపోతే ఏ పని ఆగుతుంది, ఈ మూడూ రాయండి. లేదా ఊళ్లు పెంచండి, ఊరికి 4,000 పైన మిగులుంటే ఐదూళ్లు కలిస్తే ఒక మనిషి జీతం వస్తుంది.

సెక్షన్‌లో ఉంది, బడ్జెట్లో లేదు. సమాఖ్యకి లెక్కల శిక్షణ ఇస్తాం అని రాసి శిక్షణకి ఒక్క రూపాయి పెట్టరు. చదివేవాళ్లు మొదట చూసేది ఇదే, సస్టైనబిలిటీ పేజీ పక్కన బడ్జెట్ పెట్టుకుని టిక్కులు కొట్టుకుంటూ పోతారు. మీరూ పంపే ముందు అలాగే చేయండి.

అమ్మకం అంతా పూర్తి కెపాసిటీలో వేయడం. గంటకి 1,000 లీటర్లు, పది గంటలు నడుపుతాం, రోజుకి 500 క్యాన్లు అని. ప్లాంట్ తీయగలిగింది వేరు, ఊరు తాగేది వేరు.

వదిలేసిన నీళ్లు. ఆర్‌ఓలో లోపలికెళ్లిన నీళ్లలో దాదాపు సగం బయటికి పోతాయి, అందులో ఫ్లోరైడ్ ఇంకా చిక్కగా ఉంటుంది. ఇది డబ్బు విషయం కాదనుకుంటారు గానీ పక్క పొలం రైతు గొడవపడి కాలువ మూసేస్తే ప్లాంట్ ఆగుతుంది, రాబడీ ఆగుతుంది. ఎక్కడికి పోతుందో రాసి, పైపు ఖర్చు బడ్జెట్లో పెట్టండి.

## 10. పంపే ముందు చూసుకోవాల్సినవి

- ప్రతి యాక్టివిటీ ఏదో ఒక గంపలో ఉందా
- అరిగిపోయే వస్తువులన్నీ, రేటు, ఎన్నాళ్లకోసారి మార్చాలో రాశారా
- సమానమయ్యే అంకె వాక్యంలో కనిపిస్తోందా, టేబుల్‌లో దాక్కుందా
- వానాకాలం అమ్మకంతో ఒకసారి లెక్క వేశారా
- పంచాయతీ తీర్మానం, సమాఖ్య తీర్మానం, పీహెచ్‌సీ లెటర్ స్కాన్ కాపీలు చదవగలిగేలా ఉన్నాయా
- లోటు మద్దతు, శిక్షణ, 30వ నెల మెంబ్రేన్ మార్పు మూడూ అటు బడ్జెట్లోనో ఇటు వర్క్‌ప్లాన్‌లోనో ఉన్నాయా
- రేటు పెంచే అధికారం ఎవరిదో రాసుందా

లెక్క షీట్ ఒక కాపీ తెలుగులో ప్రింట్ తీసి సమాఖ్య లెక్కలు రాసే ఆవిడకి ఇవ్వండి, ప్రపోజల్ ఇంగ్లీషులో పంపినా సరే. ఆవిడ ఒకసారి చదివి "మోటరు కాలిపోతే వైండింగ్ ఖర్చు ఏది?" అని అడిగితే, దాన్ని కలుపుకుని అప్పుడు సబ్మిట్ కొట్టండి.